సీను హెడ్డింగు నుంచి కట్ దాకా



సినిమాకి కథ రాసుకున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆ కథని స్క్రీన్‌ప్లేగా కాగితం మీద పెట్టేటప్పుడు చేయి ఆగిపోతుంది. ఏది ఎక్కడ రాయాలి, ఏది రాయకూడదు, ఎవరి పేరు పేజీలో ఏ చోట రావాలి? ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం. కథ ఎలా అల్లాలన్నది వేరే విషయం, దాని జోలికి ఇవాళ వెళ్లను. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఒక్క సీను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కలిసి రాద్దాం.

ముందు, ఈ కాగితాన్ని చదివేది ఎవరో తెలియాలి. దర్శకుడు, నిర్మాత మాత్రమే చదువుతారనుకుంటాం. వాళ్ల తర్వాత అది కో-డైరెక్టర్ చేతికి వెళ్తుంది. ఏ సీన్లు ఏ రోజు తీయాలో ఆయన చూసుకుంటాడు. ఆర్ట్ డైరెక్టర్ చేతికి వెళ్తుంది, సెట్టు ఎలా ఉండాలో ఆయన చూస్తాడు. కాస్ట్యూమర్, ప్రొడక్షన్ మేనేజర్, సౌండ్ మనిషి, అందరూ అదే కాగితంలో తమకి కావలసింది వెతుక్కుంటారు. ఎవరి జవాబు వాళ్లకి ఎప్పుడూ ఒకే చోట దొరకాలి. స్క్రీన్‌ప్లే ఫార్మాట్ అన్నది అందుకోసం పుట్టింది. 1910ల్లో హాలీవుడ్‌లో థామస్ ఇన్స్ అనే నిర్మాత, షూటింగ్ మొదలు కాకముందే ప్రతి సీనూ ఎక్కడ జరుగుతుందో, ఎవరెవరు ఉంటారో, ఏమేం కావాలో కాగితం మీద ఉండాలని పట్టుబట్టి పనిచేయించాడు. ఇవాళ్టి పద్ధతికి పునాదుల్లో అదొకటి.

ఇక మన సీను. కొత్తగా రాసేవారు దాన్ని ఇలా రాశారనుకుందాం: “మధ్యాహ్నం. తెనాలిలో సత్యం తన సైకిల్ షాపులో కూర్చున్నాడు. పదేళ్ల కిందట ప్రాణస్నేహితుడు రాఘవులుతో పడ్డ గొడవ తలుచుకుని బాధపడుతున్నాడు. అంతలో రాఘవులు కూతురు పద్మ, తండ్రి సైకిలు అమ్మడానికి వచ్చింది. ఆ సైకిలు చూడగానే సత్యానికి అంతా అర్థమైపోయింది. గుండె బరువెక్కింది.”

కథగా చదివితే ఇందులో తప్పేమీ లేదు. కెమెరా పెట్టబోయేవాడికి మాత్రం ఇందులో సగం పనికిరాదు. ఇప్పుడు దీన్ని విప్పుదాం.

మొదటి వరుస సీన్ హెడ్డింగు. ఇందులో మూడే విషయాలుంటాయి: లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా. లోపలైతే ఇంటీరియర్ అన్నదానికి ఇంగ్లీషులో ఐ, ఎన్, టి అనే మూడు అక్షరాలు రాసి పక్కన చుక్క పెడతారు. బయటైతే ఎక్స్‌టీరియర్‌కి ఇ, ఎక్స్, టి, చుక్క. తర్వాత చోటు పేరు, ఒక చిన్న గీత, ఆపైన పగలు లేదా రాత్రి. మన సీనుకి ఇలా వస్తుంది: ఇంటీరియర్, సత్యం సైకిల్ షాపు, గీత, పగలు. అంతే. ఎడమ అంచు నుంచి మొదలై ఒకే వరుసలో అయిపోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ ఒక్క వరుసలోనే, నిర్మాతకి ఖర్చు తెచ్చిపెట్టేదీ ఇదే. మూడో సీనులో “సత్యం సైకిల్ షాపు” అని రాస్తారు. పదకొండో సీనుకి వచ్చేసరికి “సైకిల్ రిపేరు షాపు” అవుతుంది. ఇరవయ్యోదానిలో “సత్యం కొట్టు” అవుతుంది. రాసేవారి మనసులో అవన్నీ ఒకటే. షెడ్యూలు వేసేవాళ్లు మాత్రం హెడ్డింగులు చూసి ఒక చోట జరిగే సీన్లన్నీ ఒక కట్టగా చేరుస్తారు. వాళ్ల కాగితంలో అవి మూడు లొకేషన్లుగా తేలతాయి. కంప్యూటర్ వాడినా అంతే, అక్షరం తేడా ఉంటే అది వేరే చోటే. అందుకే ప్రతి చోటుకీ మొదట్లోనే ఒక పేరు పెట్టి, చివరిదాకా అక్షరం మార్చకుండా అదే రాయాలి.

హెడ్డింగులో ఇంకో పొరపాటు కాలం గురించినది. “పగలు” అని రాయాల్సిన చోట “పదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం” అని రాస్తారు. పదేళ్లు గడిచాయని తెర మీద చూసేవాడికి ఎలా తెలుస్తుంది? హెడ్డింగు ప్రేక్షకుడికి కనబడదు. పదేళ్లు గడిచినట్టు తెలియాలంటే తెర మీద అక్షరాలు వేయమని యాక్షన్‌లో రాయాలి, లేదా ఒక వస్తువుతోనో మాటతోనో చూపించాలి. అలాగే “తెల్లవారుజాము”, “సంధ్యవేళ” అని సరదాకి రాయకండి. ఆ వెలుగు ఉండేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపట్లో షూటింగ్ ముగించాలి, ముగియకపోతే మర్నాడు మళ్లీ రావాలి. కథకి ఆ వెలుగే కావాలంటే తప్పకుండా రాయండి. లేకపోతే పగలు, రాత్రి చాలు.

చోటు మారితే హెడ్డింగు మారుతుంది. సత్యం షాపులోంచి రోడ్డు మీదికి నడిస్తే, రోడ్డు మీద జరిగేదానికి “ఎక్స్‌టీరియర్, షాపు ముందు రోడ్డు, పగలు” అని కొత్త హెడ్డింగు పడాలి. హాల్లోంచి వంటింట్లోకి వెళ్లినా అంతే. లైట్లు మార్చాలి, కెమెరా జరపాలి, సౌండు సరిచూసుకోవాలి. ఆ పనంతా ఉందని హెడ్డింగే చెప్పాలి.

హెడ్డింగు కింద ఒక వరుస వదిలి యాక్షన్ మొదలవుతుంది. తెర మీద ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది అన్నదే ఇక్కడ రాయాలి. వేరే ఏదీ ఇక్కడికి రాకూడదు. మన పేరాలో “గొడవ తలుచుకుని బాధపడుతున్నాడు” అని ఉంది కదా. తలుచుకోవడం కెమెరాకి కనబడదు. “ప్రాణస్నేహితుడు” అన్నదీ కనబడదు. “గుండె బరువెక్కింది” అంటే నటుడికి చేయడానికి ఏమీ లేదు. ఇవన్నీ తీసేసి, వాటి బదులు కంటికి కనబడేది ఏదో ఒకటి పట్టుకోవాలి. ఇలా రాసి చూద్దాం.

“సత్యం, 55, గొంతుక్కూర్చుని, గాలి కొట్టిన ట్యూబుని నీళ్ల బేసిన్‌లో ముంచి తిప్పుతాడు. ఒక చోట బుడగలు లేస్తాయి. అక్కడ వేలు నొక్కిపెడతాడు.”

ఒక వరుస వదలండి. “గుమ్మం దగ్గర సైకిల్ బెల్లు మోగుతుంది. సత్యం తలెత్తడు.”

మళ్లీ ఒక వరుస వదలండి. “పద్మ, 19, పాత సైకిలు నడిపించుకుంటూ లోపలికి వచ్చి స్టాండు వేస్తుంది.”

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. ఒకటి, క్రియలు. ముంచి తిప్పాడు, వచ్చింది అని రాస్తే జరిగిపోయిన కథ చెబుతున్నట్టుంటుంది. తిప్పుతాడు, వేస్తుంది అని రాస్తే కళ్ల ముందు జరుగుతున్నట్టుంటుంది. స్క్రీన్‌ప్లే మొత్తం ఈ తీరులోనే నడవాలి, ఫ్లాష్‌బ్యాక్ కూడా. రెండోది, పాత్ర మొదటిసారి వచ్చినప్పుడు పేరు, వయసు ఇచ్చాం. ఇంగ్లీషులో ఆ మొదటిసారి పేరుని పెద్దక్షరాల్లో రాస్తారు. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కనక ముదురు అక్షరాల్లో పెడితే సరిపోతుంది. మూడోది, పేరాలు చిన్నవి. మూడు నాలుగు వరుసలు దాటకుండా చూసుకోండి. ఒక చూపులో కనబడేది ఒక పేరా. క్లోజప్ అనీ, కెమెరా కదిలిందనీ ఎక్కడా రాయలేదు, అయినా బుడగల దగ్గర కెమెరా ఎక్కడుండాలో చదివినవాడికి తెలుస్తోంది. షాట్లు నిర్ణయించేది దర్శకుడు, కెమెరామన్. రాసేవారు వాక్యాల వరుసతోనే వాళ్ల చూపుని నడిపించగలరు.

తర్వాత మాటలు. మాట్లాడే పాత్ర పేరు పేజీ మధ్యకి వస్తుంది. దాని కిందనే, ఖాళీ వరుస వదలకుండా, డైలాగ్. పద్మ అని పేరు. కింద: “ఇది అమ్మాలండి.”

ఇప్పుడు యాక్షన్. “సత్యం తలతిప్పి సైకిలు చూస్తాడు. వెనక మడ్‌గార్డు మీద వెలిసిపోయిన పెయింటు అక్షరాలు: సత్యం సైకిల్ షాపు. ట్యూబు మీద నుంచి వేలు జారుతుంది. నీళ్లలో మళ్లీ బుడగలు.”

పేజీ మధ్యలో సత్యం పేరు. కింద: “మీ నాన్న పంపించాడామ్మా?”

పద్మ పేరు. కింద: “నాన్న లేరండి. సంక్రాంతికి ముందు పోయారు.”

గుండె బరువెక్కిందని ఎక్కడా రాయలేదు. వేలు జారింది, బుడగలు లేచాయి. ఆ సైకిలు ఒకప్పుడు ఈ షాపుదేనని మడ్‌గార్డు చెప్పింది. నటుడికి చేయడానికి పని దొరికింది, ఆర్ట్ డైరెక్టర్‌కి మడ్‌గార్డు మీద ఏం రాయించాలో తెలిసింది.

పాత్ర పేర్ల విషయంలోనూ చోటు పేరు సూత్రమే. ఒకసారి “అమ్మాయి”, ఇంకోసారి “పద్మ”, మరోసారి “రాఘవులు కూతురు” అని రాయకూడదు. ఒక పేరు పెడితే చివరిదాకా అదే. ఏ నటికి ఎన్ని సీన్లున్నాయో, ఎన్ని రోజుల కాల్‌షీట్లు కావాలో లెక్కగట్టేది ఈ పేర్లని చూసే.

పేరుకీ డైలాగ్‌కీ మధ్య బ్రాకెట్లలో “కోపంగా”, “బాధగా” అని రాయడం చాలామందికి అలవాటు. నా మాట వింటే, పదిలో తొమ్మిది కొట్టేయండి. నాన్న లేరండి అనే మాట బాధగానే వస్తుంది, చెప్పక్కర్లేదు. మాట ఒకటి, ఉద్దేశం ఇంకొకటి అయినప్పుడు మాత్రం ఆ బ్రాకెట్ అవసరం. పద్మ ఆ మాట నవ్వుతూ చెప్పాలని మీరు అనుకుంటే అక్కడ “నవ్వుతూ” అని తప్పకుండా రాయాలి, ఎందుకంటే రాయకపోతే ఎవరూ అలా చేయరు.

పేరు పక్కన వచ్చే బ్రాకెట్ వేరు. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అది చెబుతుంది. రోడ్డు మీద నిలబడ్డ పద్మ తల్లి లోపలికి కేకేసిందనుకోండి: “ఎంతిస్తానన్నాడే?” ఆమె ఆ చోటనే ఉంది, కెమెరాకి కనబడటం లేదు. ఆమె పేరు పక్కన బ్రాకెట్లో ఆఫ్ స్క్రీన్ అని రాయాలి, ఇంగ్లీషులో ఓ, ఎస్. అదే గొంతు ఫోన్లో వినబడితే, లేదా కథ చెప్పే గొంతయితే వాయిస్ ఓవర్, వీ, ఓ. ఈ రెండూ కలిపేస్తే ఇబ్బంది వస్తుంది. ఆఫ్ స్క్రీన్ అంటే ఆ మనిషి అక్కడే ఉందని, మరుక్షణం తెర మీదికి రావచ్చని అర్థం. వాయిస్ ఓవర్ గొంతు సాధారణంగా తర్వాత డబ్బింగ్ థియేటర్లో రికార్డు చేసుకోవచ్చు, ఆ రోజు ఆ నటి రాకపోయినా పని జరుగుతుంది.

ఇక సీను నుంచి సీనుకి దాటడం. కుడి అంచున “కట్ టు” అని రాస్తారు చూశారా, అవే ట్రాన్సిషన్లు. ప్రతి సీను చివరా కట్ టు రాసే అలవాటు పాతది. ఇవాళ అక్కర్లేదు. కొత్త హెడ్డింగు వచ్చిందంటే కట్ అయినట్టే. నూటపాతిక సీన్లున్న స్క్రిప్టులో అన్ని కట్ టులూ రాస్తే వాటికే పేజీలు పోతాయి. మొదట్లో ఎడమవైపు ఫేడ్ ఇన్, చివర్లో కుడివైపు ఫేడ్ అవుట్ రాస్తే చాలు. మిగతావి ఎడిటర్ టేబుల్ దగ్గర తేలతాయి.

అయితే కొన్నిసార్లు ఆ దాటడంలోనే కథ ఉంటుంది. మన సీను చివర ఇలా రాద్దాం: “సత్యం సైకిలు పెడల్‌ని చేత్తో ఒక్కసారి తిప్పుతాడు. వెనక చక్రం గిర్రున తిరుగుతుంది. ఊచలు కలిసిపోయి కనబడతాయి.” కుడి అంచున “మ్యాచ్ కట్ టు”. కింద కొత్త హెడ్డింగు: “ఎక్స్‌టీరియర్, కాలవ గట్టు, పగలు, ఫ్లాష్‌బ్యాక్”. యాక్షన్: “అదే చక్రం, కొత్తది, మెరుస్తూ తిరుగుతోంది. యువకుడు సత్యం తొక్కుతున్నాడు. వెనక క్యారియర్ మీద యువకుడు రాఘవులు.” ఇక్కడ మ్యాచ్ కట్ అని రాయకపోతే, రెండు చక్రాలూ ఫ్రేములో ఒకే చోట ఉండాలని కెమెరామన్‌కి తెలియదు. ముందే తెలియాలి, తీసేశాక ఎడిటర్ చేయగలిగింది ఉండదు. ఇలాంటి చోట ట్రాన్సిషన్ రాయడం న్యాయం. మన పాత పేరాలోని “ప్రాణస్నేహితుడు” ఇక్కడ, క్యారియర్ మీద కూర్చుని, కంటికి కనబడ్డాడు.

ఫ్లాష్‌బ్యాక్ అయిపోయి మళ్లీ షాపులోకి వస్తే మొదటి హెడ్డింగే అక్షరం తప్పకుండా తిరిగి రాయాలి. సీన్లకి నంబర్లు మాత్రం ఇప్పుడే వేయకండి, దిద్దినకొద్దీ అవి మారిపోతాయి. షూటింగ్ స్క్రిప్టు ఖాయమయ్యాక వేస్తారు. ఆ తర్వాత కొత్త సీను చేరిస్తే 12, 13ల మధ్య 12ఎ అవుతుందే తప్ప మిగతా నంబర్లు కదలవు.

పేజీ మీద కొలతల సంగతీ చెప్పాలి. ఎడమవైపు 1.5 అంగుళాలు ఖాళీ వదులుతారు, చిల్లులు వేసి బైండు చేయడానికి. మిగతా మూడు వైపులా సుమారు ఒక అంగుళం. కాగితం అంచు నుంచి చూస్తే డైలాగ్ సుమారు 2.5 అంగుళాల దగ్గర మొదలవుతుంది, పాత్ర పేరు 3.7 దగ్గర. అక్షరం కొరియర్, సైజు 12. కొరియర్ 1950ల్లో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం తయారైన అక్షరం. ఇందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, అంగుళానికి పది అక్షరాలు, ఆరు వరుసలు. అందుకే ఏ రచయిత టైపు చేసినా పేజీ ఒకేలా నిండుతుంది, ఒక పేజీ సుమారు ఒక నిమిషం సినిమా అన్న లెక్క దానివల్లే కుదిరింది. షెడ్యూలు వేసేవాళ్లు ఆ పేజీని ఎనిమిది భాగాలు చేసి, నాలుగు భాగాల సీను, రెండు భాగాల సీను అని కొలుస్తారు.

తెలుగులో ఈ లెక్క నమ్మకండి. మన అక్షరాల వెడల్పులు ఒకటి కావు, వత్తులకి వరుసల మధ్య ఎడం కావాలి, ఫాంటు మారితే పేజీల సంఖ్యే మారిపోతుంది. దీనికి దారి ఒకటే. స్క్రిప్టు మొత్తం ఒకే ఫాంటు, ఒకే సైజు, ఒకే ఎడం పెట్టండి. తర్వాత నాలుగైదు పేజీలు గడియారం ముందు పెట్టుకుని, డైలాగులు పైకి చదువుతూ, యాక్షన్‌కి పట్టేంత సేపు ఆగుతూ చూడండి. మీ పేజీకి ఎన్ని సెకన్లో మీకే తెలుస్తుంది. మిగతా స్క్రిప్టుకి ఆ లెక్క వాడండి.

తెలుగు సినిమాల్లో కాగితాన్ని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగ్ రాసే పద్ధతి కూడా ఉంది. మీరు పనిచేసే దర్శకుడు అదే అడిగితే అలాగే ఇవ్వండి. హెడ్డింగు, యాక్షన్, పేర్ల గురించి ఇందాకటి నుంచి చెప్పుకున్నవి అందులోనూ మారవు.

కంప్యూటర్లో రాసేవారికి ఒక మాట. ఫౌంటెన్ అనే పద్ధతి ఉంది. జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్ తదితరులు 2012లో బయటపెట్టారు, ఉచితం. మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసినా, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ పేర్లనీ డైలాగుల్నీ వాటి చోట్లలో కూర్చోబెడుతుంది. అది పాత్ర పేరుని ఇంగ్లీషు పెద్దక్షరాలు చూసి గుర్తుపడుతుంది. తెలుగు పేరు రాస్తే మామూలు యాక్షన్ అనుకుంటుంది. అందుకని పేరు ముందు, ఈమెయిల్ అడ్రసులో వాడే ఎట్ గుర్తు పెట్టాలి. హెడ్డింగు ఇంగ్లీషు ఐ, ఎన్, టి, చుక్కతో మొదలైతే దానంతటదే గుర్తుపడుతుంది. పూర్తిగా తెలుగులోనే రాస్తే వరుస మొదట ఒక చుక్క పెట్టాలి. ట్రాన్సిషన్ ముందు, లెక్కల్లో వాడే గ్రేటర్ దేన్ గుర్తు. పేరుకి పైన ఒక ఖాళీ వరుస ఉండాలి, పేరుకీ డైలాగ్‌కీ మధ్య ఉండకూడదు. డైలాగ్ పేజీ మధ్యకి రాకుండా ఎడమ అంచుకి పోయిందంటే అక్కడ ఒక ఖాళీ వరుస చొరబడిందని అర్థం.

మీ దగ్గర ఇప్పటికే ఒక స్క్రిప్టు ఉంటే, ఇంకొకరికి చూపించే ముందు రెండు పనులు చేయండి. హెడ్డింగులన్నీ ఒక కాగితం మీద విడిగా ఎత్తి రాయండి, ఒకే చోటుకి రెండు పేర్లుంటే వెంటనే బయటపడుతుంది. తర్వాత యాక్షన్ పేరాల్లో అనుకుంటాడు, గుర్తొస్తుంది, బాధపడుతుంది లాంటి మాటల కింద గీత గీయండి. గీత పడ్డ ప్రతి చోటా, కంటికో చెవికో అందేది ఒకటి పెట్టేదాకా ఆ స్క్రిప్టుని బైండింగ్‌కి ఇవ్వకండి.